వ్యాపారం దెబ్బతిన్నాక అప్పు వాయిదాలు మార్చమని బ్యాంకు మేనేజరుకు రాసే లేఖ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకే సందేహాలు పదే పదే వస్తున్నాయి కాబట్టి వాటిని ఇక్కడ ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, దేనికది విడిగా అర్థమవుతుంది. లెక్కలకు అంతటా ఒకే ఉదాహరణ తీసుకున్నాం: అట్టపెట్టెలు తయారుచేసే ఒక చిన్న యూనిట్, దానికి 12 లక్షల బాకీ.

## లేఖ రాయకముందు

ఇంకా ఒక్క వాయిదా కూడా తప్పలేదు. ఇప్పుడే రాస్తే లేనిపోని అనుమానం నేనే పుట్టించినట్టు అవదా?

అవుతుంది, కొంతవరకు. లేఖ అందాక బ్యాంకు మీ ఖాతాను దగ్గరగా చూస్తుంది. మీరు ఇంకా వాడుకోని ఓవర్‌డ్రాఫ్ట్ పరిమితి ఏదైనా ఉంటే తగ్గించవచ్చు కూడా. అయినా ముందే రాయడం మేలు. వాయిదా తప్పి 90 రోజులు దాటితే చాలా దేశాల్లో ఆ అప్పును మొండి బాకీగా లెక్కిస్తారు. అప్పటి నుంచి బ్యాంకు తన సొంత లాభంలోంచి ఎక్కువ మొత్తం పక్కన పెట్టాల్సి వస్తుంది, ఫైలు వసూలు విభాగం చూపులో పడుతుంది, మేనేజరుకు మీ పక్షాన రాసే వీలు తగ్గిపోతుంది. వాయిదాలన్నీ సక్రమంగా కట్టి ఉన్న ఖాతా గురించి రాయడం ఆయనకు చాలా తేలిక.

ఎప్పుడు రాయాలో తేల్చుకోవడానికి ఒక గుర్తు ఉంది. చేతిలో ఉన్న డబ్బు ఇంకో రెండు మూడు వాయిదాలకే సరిపోతుందని లెక్క తేలిన వారమే రాయండి. ఆ రెండు మూడు నెలలే బ్యాంకు నిర్ణయం తీసుకోవడానికి పట్టే సమయం.

రెండు వాయిదాలు ఇప్పటికే తప్పాయి. ఇక రాసి లాభం ఉందా?

ఉంది, కానీ రోజులు లెక్కపెట్టుకోవాలి. లెక్క మొదలయ్యేది మొదట తప్పిన వాయిదా తేదీ నుంచి, రెండోది తప్పిన రోజు నుంచి కాదు. రెండు తప్పాయంటే సుమారు 30 నుంచి 60 రోజుల మధ్య ఉన్నారన్నమాట. లేఖ ఇచ్చే ముందు ఎంతో కొంత ఖాతాలో వేయండి. చాలా బ్యాంకుల్లో ఆ జమ ముందుగా పాత బాకీకే పోతుంది, మొదట తప్పిన వాయిదా పూర్తిగా తీరితే రోజుల లెక్క కొంత వెనక్కి జరుగుతుంది.

తప్పిన మొత్తాన్ని లేఖలో పైసలతో సహా రాయండి. నెలకు 39,857 చొప్పున రెండు తప్పితే 79,714, దాని మీద పడిన ఆలస్య రుసుము వేరు. ఈ బాకీని ఏం చేయమంటున్నారో కూడా మీరే చెప్పాలి: కొంత ఇప్పుడు కట్టి, మిగిలింది అసలులో కలపమనవచ్చు. అది చెప్పకపోతే, కొత్త వాయిదా ఎంత తక్కువకు కుదిరినా మొదటి నెలలోనే పాత బాకీ మొత్తం ఒక్కసారిగా అడుగుతారు.

రీస్ట్రక్చరింగ్ అంటే అప్పులో కొంత మాఫీ చేస్తారా?

మామూలుగా చేయరు. గడువు పెంచడం, కొన్నాళ్లు వడ్డీ మాత్రమే తీసుకోవడం, ఎప్పుడైనా వడ్డీ రేటు కాస్త మార్చడం, అంతవరకే. కొంత వదులుకుని ఖాతా మూసేయడాన్ని సెటిల్‌మెంట్ అంటారు. అది వేరే దారి, మీ రుణ చరిత్ర మీద పడే మచ్చ కూడా పెద్దది. లేఖలో ఈ రెండు మాటలనూ కలిపి వాడితే, వ్యాపారం నడపడానికి రాస్తున్నారా మూసేయడానికి రాస్తున్నారా అన్నది చదివేవారికి తెలియదు.

మేనేజరుగారు బాగా పరిచయం. నోటితో చెబితే చాలదా?

మాట్లాడి తీరాలి, కానీ చాలదు. వాయిదాలు మార్చే అధికారం చాలాసార్లు శాఖ మేనేజరు చేతిలో ఉండదు. ఆయన ఒక నోట్ రాసి పై కార్యాలయానికి పంపుతారు. అక్కడ నిర్ణయం తీసుకునేవారు మిమ్మల్ని, మీ షెడ్డును ఎప్పుడూ చూసి ఉండరు. వారి ముందు ఉండేది కాగితం ఒక్కటే. అందుకే లేఖను మేనేజరుకు సంబోధించి రాసినా, మనసులో మాత్రం ఆ కనిపించని మనిషిని పెట్టుకుని రాయాలి. మేనేజరు తన నోట్‌లోకి ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకోగలిగే అంకెలు మీ లేఖలో ఉంటే సగం పని అయినట్టే.

## కట్టగలిగేది ఎంతో తేల్చుకోవడం

నెలకు ఎంత కట్టగలనని రాయాలి? అంకె ఎలా తేల్చాలి?

అమ్మకాల నుంచి మొదలుపెట్టకండి, ఖాతాలో నిజంగా పడిన వసూళ్ల నుంచి మొదలుపెట్టండి. బిల్లు రాసిన రోజుకూ డబ్బు వచ్చిన రోజుకూ మధ్య రెండు నెలల దూరం ఉండే వ్యాపారాల్లో ఈ ఒక్క తేడాతోనే లెక్క తల్లకిందులవుతుంది.

అట్టపెట్టెల యూనిట్‌నే చూద్దాం. నెలకు 5,20,000 వచ్చేది. 2,10,000 విలువైన సరుకు కొనే పెద్ద కొనుగోలుదారు మూతపడటంతో వసూళ్లు 3,10,000కు పడిపోయాయి. అందులోంచి ముడిసరుకుకు 1,60,000, జీతాలకు 58,000, అద్దెకు 22,000, కరెంటు, రవాణాకు 18,000, పన్నులకు 6,000, ఇంటి ఖర్చుకు 22,000 పోతాయి. మొత్తం 2,86,000. మిగులు 24,000. పాత వాయిదా 39,857. అంటే ఇబ్బంది ఎంత ఉందో ఈ రెండు అంకెల మధ్యే కనిపిస్తుంది.

ఇంటి ఖర్చు కలపడం మరిచిపోవద్దు. అది వదిలేసి మిగులు 46,000 అని చూపిస్తే, "మరి పాత వాయిదా కట్టేయవచ్చుగా" అంటారు, అది న్యాయమైన ప్రశ్నే.

తేలిన మిగులంతా వాయిదాకే రాసివ్వకండి. మిగులు 100 అయితే వాయిదా 80 దాటకుండా చూసుకోవడం మంచిది. బ్యాంకులు కూడా మిగులును వాయిదాతో భాగించి చూస్తాయి. ఆ భాగఫలం 1.25 దగ్గర ఉంటే ధీమాగా ఉంటారు, 1కి దగ్గరపడితే ఒక్క మిషను చెడిపోయినా వాయిదా తప్పుతుందని వారికి తెలుసు.

కొన్ని నెలలు ఏమీ కట్టకుండా గడువు అడగాలా, వడ్డీ మాత్రం కడతానని అడగాలా?

వడ్డీ కట్టే శక్తి ఉంటే వడ్డీ కడతాననే అడగండి. 12 లక్షల బాకీ, ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకుంటే నెల వడ్డీ 12,000. ఆరు నెలలు అది కడుతూ పోతే ఆరో నెల చివర బాకీ 12 లక్షల దగ్గరే ఉంటుంది. ఏమీ కట్టకపోతే వడ్డీ మీద వడ్డీ పడి 12,73,824 అవుతుంది. ఆ తర్వాత 60 నెలల్లో తీర్చాలంటే మొదటి దారిలో నెల వాయిదా 26,693, రెండో దారిలో 28,335.

అంకెల్లో తేడా మరీ పెద్దది కాదు. కానీ ఆరు నెలలు ప్రతి నెలా ఒకే తేదీన 12,000 పడిన ఖాతా చూసినవారికి కట్టే అలవాటు తప్పలేదని అర్థమవుతుంది. ఆరు నెలలు ఖాళీగా ఉన్న ఖాతా ఏమీ చెప్పదు. వరద, అగ్నిప్రమాదం లాంటివి జరిగి వసూళ్లు పూర్తిగా ఆగిపోయినప్పుడు మాత్రమే పూర్తి విరామం అడగడం సబబు.

ఆరు నెలలే ఎందుకు? ఎలాగూ అడుగుతున్నాం కదా, ఏడాది అడిగితే పోలా?

గడువు ఎంతకాలమన్నది మీ వసూళ్లే నిర్ణయించాలి. గుండ్రని అంకె ఏదో పెట్టేస్తే, "ఇన్ని నెలలే ఎందుకు" అన్న మొదటి ప్రశ్నకే జవాబు ఉండదు.

పెట్టెల యూనిట్‌కు ఇద్దరు కొత్త కొనుగోలుదారులు ఆర్డరు రాసిచ్చారు, ఇద్దరివీ కలిపి నెలకు 60,000. నమూనాలు ఒప్పుకుని సరుకు పంపడం నాలుగో నెలలో మొదలవుతుంది. వారు డబ్బిచ్చేది 60 రోజులకు. అంటే మొదటి పైసా వచ్చేది ఆరో నెలలో, పూర్తి వాయిదా మొదలుపెట్టగలిగేది ఏడో నెలలో. ఆరు నెలలు అలా వచ్చాయి.

ఈలోగా మిగులు 24,000 ఉంది కదా, 12,000 మాత్రమే ఎందుకు కడతారని అడుగుతారు. దానికీ జవాబు సిద్ధంగా ఉండాలి. కొత్త ఆర్డర్లకు నెలకు ముడిసరుకు 31,000, అదనపు కూలీ, రవాణా 17,000, మొత్తం 48,000 ముందే పెట్టాలి. నాలుగు, ఐదు నెలలకు కలిపి 96,000. నెలకు 12,000 చొప్పున ఐదు నెలల్లో 60,000 పోగవుతుంది, మిగతా 36,000 కోసం యజమాని తన పాత వ్యాను 40,000కు అమ్ముతున్నాడు. ఇలా లెక్క విప్పి చెబితే, ఆ 12,000 ఆపుకోవడం అప్పు తీర్చడానికేనని కనిపిస్తుంది.

గడువు పెంచితే చివరికి ఎంత ఎక్కువ కడతాను?

అడిగే ముందు తప్పకుండా చూసుకోవలసిన లెక్క ఇది. 12 లక్షలు, 12 శాతం, మిగిలిన గడువు 36 నెలలు అయితే ఇక మీదట పడే వడ్డీ సుమారు 2,35,000. దాన్ని ఆరు నెలల వడ్డీ, ఆపైన 60 వాయిదాలుగా మారిస్తే వడ్డీ సుమారు 4,74,000. రెట్టింపు. మార్పిడి రుసుము, రేటు పెంపు ఉంటే ఇంకా పెరుగుతుంది.

అందుకే "పరిస్థితి మెరుగుపడితే రుసుము లేకుండా ముందుగా కట్టే వీలు ఇవ్వండి" అన్న ఒక వాక్యం లేఖలో ఉండాలి. తర్వాత అడిగితే దొరకకపోవచ్చు, ఇప్పుడు అడిగితే చాలాసార్లు దొరుకుతుంది.

## లేఖ రాయడం

లేఖలో ఏది ముందు, ఏది వెనక? ఒక నమూనా ఉందా?

ఒకటిన్నర పేజీ దాటనివ్వకండి. మొదటి పేరాలోనే ఏం కోరుతున్నారో అంకెలతో చెప్పేయాలి. కారణం రెండో పేరా. పెట్టెల యూనిట్ లేఖ ఇలా ఉంటుంది:

> విషయం: టర్మ్ లోను ఖాతా నం. ______ వాయిదాల పునర్వ్యవస్థీకరణకు వినతి
>
> గౌరవనీయులైన మేనేజరుగారికి,
>
> పై ఖాతాలో ఈ నెల చివరికి బాకీ 12,00,000, నెల వాయిదా 39,857, మిగిలిన గడువు 36 నెలలు. ఇప్పటివరకు ఏ వాయిదా తప్పలేదు. వచ్చే ఆరు నెలలు వడ్డీ మాత్రమే (నెలకు 12,000), ఏడో నెల నుంచి 60 నెలల పాటు నెలకు 26,693 కట్టేలా వాయిదాలు మార్చవలసిందిగా కోరుతున్నాను.
>
> మా వసూళ్లలో 40 శాతం ఇచ్చే కొనుగోలుదారు సంస్థ రెండు నెలల క్రితం మూతపడింది. నెల వసూళ్లు 5,20,000 నుంచి 3,10,000కు తగ్గాయి. ఖర్చులు పోను నెలకు 24,000 మిగులుతోంది. లెక్క జతచేశాను.
>
> నా వంతుగా ఇంటి ఖర్చుకు తీసుకునేది 35,000 నుంచి 22,000కు తగ్గించాను. బ్యాంకు హామీలో లేని నా పాత వ్యానును అమ్మి, ఆ 40,000 ముడిసరుకుకు వాడుతున్నాను.
>
> ఇద్దరు కొత్త కొనుగోలుదారులు రాతపూర్వకంగా నెలకు 60,000 ఆర్డరు ఇచ్చారు. దాని మీద ఖర్చులు పోను 12,000 మిగులుతుంది. ఆరో నెల నుంచి మొత్తం మిగులు 36,000 అవుతుంది. ఇకపై ఏ ఒక్క కొనుగోలుదారు వాటా మూడో వంతు దాటకుండా చూసుకుంటాను.
>
> ప్రతి నెల 10వ తేదీలోగా వసూళ్ల పట్టీ మీకు అందజేస్తాను. పరిస్థితి మెరుగుపడితే రుసుము లేకుండా ముందుగా కట్టే వీలు కల్పించగలరు. ఈ వినతిపై నిర్ణయం వచ్చేవరకు ఇప్పటి వాయిదా కడుతూనే ఉంటాను.
>
> ఇట్లు,

"దయచేసి కనికరించండి", "మీరే దిక్కు" లాంటి మాటలు ఇందులో ఎక్కడా లేవని గమనించండి. అలాంటి మాటను నోట్‌లోకి ఎత్తి రాసుకోవడానికి మేనేజరుకు వీలు ఉండదు.

నష్టం ఎందుకు వచ్చిందో ఎంత వివరంగా రాయాలి?

మూడు నాలుగు వాక్యాలు చాలు. ఏం జరిగింది, ఎప్పుడు, వసూళ్లు ఎంత నుంచి ఎంతకు పడ్డాయి, అది మళ్లీ జరగకుండా ఏం మార్చారు. చివరిదే ముఖ్యం, ఎక్కువమంది వదిలేసేదీ అదే. ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడటం మీ పొరపాటైతే ఒప్పుకోండి. "మార్కెట్ బాగాలేదు" అని రాస్తే చదివేవారికి ఒకటే తోస్తుంది: మార్కెట్ రేపూ బాగుండకపోవచ్చు, అప్పుడు ఏమిటి?

బయట చేబదుళ్లు తీసుకుని రెండు వాయిదాలు కట్టాను. అది కూడా రాయాలా?

రాయాలి. ఖాతా స్టేట్‌మెంట్‌లో వసూళ్లతో పొంతన లేని జమలు, వాయిదాకు ముందు రోజు పడిన గుండ్రని మొత్తాలు ఇట్టే కనిపిస్తాయి. మీరు చెప్పకుండా వారే కనిపెడితే, అప్పటి నుంచి మీ మిగతా అంకెలనూ నమ్మరు. పైగా ఆ చేబదులు తీర్చే నెలసరి మొత్తం మీ మిగులులోంచే పోవాలి. దాన్ని లెక్కలో చూపకపోతే మీరు ప్రతిపాదించే కొత్త వాయిదా మూడో నెలకే తప్పుతుంది.

ఏయే కాగితాలు జతచేయాలి?

లేఖలోని ప్రతి అంకెకూ వెనక ఒక కాగితం ఉండాలి, అంతకు మించి అక్కరలేదు. వసూళ్లకు 12 నెలల ఖాతా స్టేట్‌మెంట్. మిగులుకు ఒక పేజీ నెలవారీ రాబడి, ఖర్చుల పట్టీ. కొనుగోలుదారు మూతపడినట్టు వారు పంపిన లేఖో, ఆగిపోయిన ఆర్డర్లో. కొత్త ఆర్డర్ల ప్రతులు. మీకు రావలసిన బాకీలు, మీరు ఇవ్వవలసిన బాకీలు పాతవాటి నుంచి కొత్తవాటి వరకు రోజుల లెక్కతో. చివరిసారి దాఖలు చేసిన పన్ను పత్రాలు.

పన్ను పత్రాల్లో చూపిన అమ్మకాలు, లేఖలో రాసిన అమ్మకాలు ఒకటేనా అని ఇచ్చే ముందు సరిచూసుకోండి. ఫైలు వెనక్కి రావడానికి తరచూ ఇదే కారణం.

## లేఖ ఇచ్చాక

నిర్ణయం వచ్చేదాకా వాయిదాలు ఆపేయవచ్చా?

వద్దు. లేఖ ఇచ్చినంత మాత్రాన పాత ఒప్పందం ఆగదు, రోజుల లెక్క నడుస్తూనే ఉంటుంది. మొత్తం కట్టలేకపోతే మీరు ప్రతిపాదించిన మొత్తాన్నైనా అదే తేదీన కట్టండి. లేఖ రెండో ప్రతి మీద అందినట్టు సంతకం, ముద్ర, తేదీ వేయించుకోవడం మరవద్దు. రెండు వారాల్లో కబురు రాకపోతే ఆ తేదీని ప్రస్తావిస్తూ చిన్న లేఖ మరొకటి ఇవ్వండి.

"కొత్త ఆర్డర్లు రాకపోతే ఏం చేస్తారు?" అని అడిగితే ఏం చెప్పాలి?

"తప్పకుండా వస్తాయి" అనకండి, లెక్క చెప్పండి. మిగులు 36,000, కొత్త వాయిదా 26,693 అనుకున్నారు. రెండు ఆర్డర్లలో ఒకటే నిలిస్తే మిగులు 30,000, అప్పుడూ వాయిదా వెళ్తుంది. రెండూ పోతే మిగులు 24,000, నెలకు 2,693 తక్కువపడుతుంది. ఆ లోటును దేనితో పూడుస్తారో ముందే ఆలోచించి ఉండాలి: షెడ్డులో కొంత భాగం అద్దెకివ్వడమో, ఇంటి ఖర్చు ఇంకొంత తగ్గించడమో. చెడు లెక్క మీరే తీసి చూపిస్తే, మంచి లెక్కను కూడా నమ్ముతారు.

తిరస్కరించారు. ఇక దారి లేదా?

కారణం రాతపూర్వకంగా అడగండి. చాలాసార్లు తిరస్కరించేది మీ వినతిని కాదు, అందులో ఏదో ఒక అంకెను: గడువు వారి పరిమితి దాటింది, హామీ విలువ చాలలేదు, లేదా మిగులుకు ఆధారం లేదు. 66 నెలలు ఎక్కువన్నారనుకోండి, అదనపు హామీ ఇచ్చో, ఒక మొత్తం ముందు కట్టి అసలు తగ్గించో గడువు కుదించి మళ్లీ పెట్టవచ్చు. బ్యాంకు హామీలో ఉన్న మిషను అమ్మి డబ్బు తెస్తామనుకుంటే మాత్రం ముందు వారి రాతపూర్వక అనుమతి కావాలి. అనుమతి లేకుండా అమ్మడం ఒప్పంద ఉల్లంఘన, దాంతో చర్చలన్నీ అక్కడే ఆగిపోవచ్చు.

## మంజూరయ్యాక

మంజూరు పత్రం వచ్చింది. సంతకం పెట్టే ముందు ఏం చూడాలి?

మొదటి వాయిదా తేదీ, వడ్డీ రేటు, రుసుము, ముందుగా కట్టే షరతు, పాత బాకీని ఏం చేశారో. హామీదారు ఉంటే ఆయన కూడా కొత్త షరతులకు సంతకం చేయాల్సి రావచ్చు. ఆ సంగతి ఆయనకు ముందే చెప్పండి, బ్యాంకు నుంచి ఫోన్ వెళ్లాక కాదు.

ఇంకొకటి, చిన్నదే కానీ చాలామందిని దెబ్బతీసేది. ఆటో డెబిట్ ఆదేశం పాత మొత్తానికే ఉండిపోతుంది. 12,000 ఉంచిన ఖాతాలోంచి 39,857 లాగబోయి చెల్లదు, రుసుము పడుతుంది, కొత్త ఒప్పందం మొదటి నెలలోనే "తప్పిన వాయిదా" నమోదవుతుంది. పాత ఆదేశం రద్దయి కొత్తది నమోదైందని రాతలో తీసుకోండి. ముందు తేదీలతో ఇచ్చిన చెక్కులుంటే వెనక్కి తీసుకోండి.

కొత్త వాయిదా కూడా వచ్చే నెల కట్టలేనేమో అనిపిస్తోంది. ఏం చేయాలి?

వాయిదా తేదీకి ముందే వెళ్లి చెప్పండి, ఎంత తక్కువపడుతుందో, ఏ తేదీకి సర్దుతారో రాసివ్వండి. ఉన్నంత ఆ రోజే కట్టండి. ఒకసారి మార్చిన అప్పు మళ్లీ తప్పితే బ్యాంకులు మొదటిసారి ఇచ్చినంత వెసులుబాటు ఇవ్వవు. వారం రోజుల ఆలస్యాన్ని ముందే చెబితే ఫైలులో ఒక చిన్న గమనికగా మిగులుతుంది. చెప్పకుండా తప్పితే అదే వసూలు నోటీసుకు కారణమవుతుంది.